వారానికి ఎంత వరకు "పరవాలేదు"? ఒక అంకె వెనుక నూట అరవై ఏళ్ల కథ



ఈ మధ్య మన గ్రూపులో రెండు వార్తలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఒకటి పాత పేపరు కటింగు. రోజుకు ఒకటి రెండు పెగ్గులు గుండెకు మేలని అందులో ఉంది. రెండోది కెనడా నుంచి మనవాళ్లు పంపినది. అక్కడ వారానికి రెండు డ్రింకులు దాటితే ముప్పు మొదలని చెబుతున్నారట. కింద ఒక తమ్ముడు, "డాక్టర్లు పూటకో మాట చెబుతారు, మనం ఎవరి మాటా వినక్కరలేదు" అని రాశాడు. పది మంది దానికి బొటనవేలు గుర్తు పెట్టారు.

ఆ తమ్ముడి మీద నాకు కోపం లేదు. పైకి చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ ఆ అంకెలు ఎలా పుట్టాయో, ఎందుకు మారాయో వరుసగా చూస్తే అది పూటకో మాట కాదని తెలుస్తుంది. ఈ విషయంలో ఎక్కువ దూరం నడిచిన దేశం బ్రిటన్. ముందు ఆ కథ చెప్పి, తరువాత మన ఊరి లెక్కకు వస్తాను.

మొదట కొలబద్ద ఒకటి పెట్టుకుందాం. రైల్వేలో మీటర్ గేజీ, బ్రాడ్ గేజీ ఉన్నట్టే మద్యం కొలతలోనూ దేశానికో గేజీ ఉంది. "ఒక డ్రింకు" అంటే బ్రిటన్‌లో 8 గ్రాముల శుద్ధ ఆల్కహాలు. వాళ్లు దాన్ని యూనిట్ అంటారు. ఆస్ట్రేలియా, ఫ్రాన్సులలో 10 గ్రాములు. కెనడాలో 13.45 గ్రాములు, అమెరికాలో 14, ఆస్ట్రియాలో 20. కాబట్టి ఒక దేశం 14 అంటే, ఇంకో దేశం 10 అంటే, ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఏది పెద్దదని అడగడంలో అర్థం లేదు. అన్నిటినీ గ్రాములలోకి మార్చాలి.

మన దగ్గర ఒక సౌకర్యం ఉంది. ఇక్కడ అమ్మే బ్రాందీ, విస్కీ, రమ్ము సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని రాసి ఉంటుంది. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో శుద్ధ ఆల్కహాలు దాదాపు 13 మిల్లీలీటర్లు. ఆల్కహాలు నీళ్లకంటే తేలిక కాబట్టి బరువులో అది 10 గ్రాములు అవుతుంది. అంటే నీళ్లు కలపక ముందు ఒక చిన్న పెగ్గు పది గ్రాములు. క్వార్టర్ సీసా 180 మిల్లీలీటర్లు, అంటే ఆరు చిన్న పెగ్గులు, సుమారు 60 గ్రాములు. ఈ ఒక్క లెక్క గుర్తు పెట్టుకుంటే చాలు.

ఇక కథ. 1860లలో లండన్‌లో ఫ్రాన్సిస్ ఆన్‌స్టీ అనే వైద్యుడు ఉండేవాడు. తాగిన మద్యం ఒంట్లో ఏమవుతుంది, ఎంత కరిగిపోతుంది, ఎంత మూత్రంలో బయటికి వస్తుంది అని పరీక్షలు చేసినవాడు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాడు రోజుకు ఒకటిన్నర ఔన్సుల శుద్ధ ఆల్కహాలు దాటకూడదని ఆయన చెప్పాడు. మన లెక్కలో అది దాదాపు 34 గ్రాములు, మూడున్నర చిన్న పెగ్గులు. దీనికి "ఆన్‌స్టీ హద్దు" అని పేరు వచ్చింది. దాన్ని గట్టిగా పట్టుకున్నవాళ్లు జీవిత బీమా కంపెనీలవాళ్లు. ఎవరికి పాలసీ ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అని తేల్చుకోవడానికి వాళ్లకు ఒక గీత కావాలి కదా. అంటే మద్యం హద్దు మొదటి నుంచీ ఒక పని కోసం గీసిన గీత. ఒళ్లు తనంతట తాను చూపించిన గీత కాదు.

నూరేళ్ల తరువాత, 1979లో, బ్రిటన్ మానసిక వైద్యుల రాయల్ కాలేజీ ఒక నివేదికలో రోజుకు నాలుగు పింట్ల బీరును పై హద్దుగా చెప్పింది. అది 8 యూనిట్లు, రోజుకు 64 గ్రాములు. ఇప్పుడు చదివితే కళ్లు తిరుగుతాయి. మన లెక్కలో చెప్పాలంటే రోజూ ఒక క్వార్టర్ వేసే మనిషి ఆ హద్దు లోపలే ఉన్నట్టు. ఎందుకిలా చెప్పారంటే, వాళ్ల ముందున్న రోగులు మద్యానికి బానిసలై, కాలేయం చెడి, ఉద్యోగం పోగొట్టుకుని వచ్చినవాళ్లు. "మనిషి ఎక్కడ బానిస అవుతాడు?" అన్నది వాళ్ల ప్రశ్న. "ఇరవై ఏళ్ల తరువాత ఏ జబ్బు వస్తుంది?" అని వాళ్లు అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు రాదు.

1987 నాటికి ఆ కాలేజీ, ఫిజీషియన్ల కాలేజీ, కుటుంబ వైద్యుల కాలేజీ ఒక మాట మీదికి వచ్చాయి. మగవాళ్లకు వారానికి 21 యూనిట్లు, ఆడవాళ్లకు 14. ఆడవాళ్ల ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి అంతే మద్యం తాగినా రక్తంలో ఎక్కువ చేరుతుంది, అందుకే వాళ్లకు తక్కువ. ఇరవై ఏళ్ల తరువాత, 2007లో, ఆ ఫిజీషియన్ల కమిటీలో కూర్చున్న రిచర్డ్ స్మిత్ ఆ అంకెలకు గట్టి ఆధారం లేదని, అవి తెలిసినవాళ్లు వేసిన ఒక అంచనా మాత్రమేనని పత్రికతో చెప్పాడు. ఆయన తరువాతి కాలంలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు సంపాదకుడుగా పనిచేసినవాడు. ఈ మాట విని చాలా మంది నవ్వుకున్నారు. నాకు మాత్రం అందులో తప్పు కనపడలేదు. ప్రజలు ఒక అంకె అడుగుతున్నారు, పూర్తి లెక్క ఇంకా రాలేదు, అనుభవం ఉన్నవాళ్లు కూర్చుని ఒకటి చెప్పారు. లెక్క వచ్చిన తరువాత దాన్ని దిద్దారా లేదా అన్నదే మనం చూడాలి.

అయితే మొదటి దిద్దుబాటు ఏ వైపు జరిగిందో చూడండి. 1995లో బ్రిటన్ ప్రభుత్వం హద్దును పెంచింది. మగవాళ్లకు రోజుకు 3 నుంచి 4 యూనిట్లు, ఆడవాళ్లకు 2 నుంచి 3 అంది. వారానికి లెక్క వేస్తే మగవాళ్లకు 28 వరకు పోతుంది. వారం హద్దు అని చెబితే కొందరు ఆ కోటా అంతా శనివారం రాత్రే ముగిస్తున్నారు, అందుకే రోజు లెక్కకు మార్చామన్నారు. అది ఒక కారణం. ఇంకో కారణం గుండె.

1981లో మైకేల్ మార్మట్, ఆయన తోటివాళ్లు లండన్ ప్రభుత్వ ఉద్యోగుల మీద చేసిన పరిశీలనను ప్రచురించారు. అసలు తాగనివాళ్లలో కొంచెం ఎక్కువ మరణాలు, మితంగా తాగేవాళ్లలో తక్కువ, బాగా తాగేవాళ్లలో మళ్లీ ఎక్కువ. గీత గీస్తే ఇంగ్లీషు యూ అక్షరంలాగ వచ్చింది. ఇతర దేశాలలోనూ ఇలాంటి గీతలే వచ్చాయి. ఫ్రాన్సువాళ్లు వెన్న తిన్నా గుండెపోట్లు తక్కువ, దానికి కారణం ఎర్ర వైన్ అని 1991లో అమెరికా టీవీలో వచ్చాక ఆ మాట ప్రపంచమంతా పాకింది. మన గ్రూపుకు వచ్చిన పేపరు కటింగుకు తాత అదే.

ఆ యూ గీతలో ఒక మెలిక ఉంది. 1988లోనే జెరీ షేపర్ అనే బ్రిటిష్ పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు దాన్ని ఎత్తి చూపారు. దీన్ని మన ఊరి ఉదాహరణతో చెబుతాను. మీ వీధిలో కాఫీలో చక్కెర వేసుకోనివాళ్లను లెక్కపెట్టండి. వాళ్లలో షుగర్ జబ్బువాళ్లే ఎక్కువ ఉంటారు. అది చూసి "చక్కెర మానితే షుగర్ వస్తుంది" అంటే ఎవరైనా నవ్వుతారు. జబ్బు ముందు వచ్చింది, చక్కెర తరువాత మానారు. తాగనివాళ్ల లెక్కలోనూ ఇదే జరిగింది. "తాగను" అన్నవాళ్లలో జబ్బు చేసి మానినవాళ్లు, మందులు వాడుతూ మానినవాళ్లు కలిసి ఉన్నారు. వాళ్లను పక్కన పెట్టుకుని చూస్తే కొంచెం తాగేవాడు ఆరోగ్యవంతుడుగా కనపడడంలో వింత లేదు. పైగా ఆ దేశాలలో మితంగా తాగేవాళ్లు చాలా వరకు చదువు, డబ్బు, మంచి తిండి ఉన్నవాళ్లు. ఆ మేలంతా గ్లాసు ఖాతాలో పడిపోయింది.

ఈ మాట మొదట చాలా మంది ఒప్పుకోలేదు. వాదన గట్టిపడడానికి ఇంకో దారి కావలసి వచ్చింది. అది చైనా నుంచి దొరికింది. తూర్పు ఆసియాలో చాలా మందికి పుట్టుకతోనే ఒక జన్యువు తేడాగా ఉంటుంది. కొంచెం తాగినా ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతి వచ్చినట్టు ఉంటుంది. అందుకే వాళ్లు జీవితమంతా తక్కువ తాగుతారు, లేదా తాగరు. ఈ జన్యువు పుట్టినప్పుడే చీటీ తీసినట్టు వస్తుంది. జబ్బు చేసినందుకో, డబ్బు ఉన్నందుకో రాదు. కాబట్టి ఆ జన్యువు ప్రకారం జనాన్ని విడదీసి చూస్తే చక్కెర మానినవాళ్ల చిక్కు రాదు. ఐదు లక్షలకు పైగా జనాన్ని సుమారు పదేళ్లు గమనించిన ఒక పెద్ద పరిశోధన 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అదే జనాన్ని పాత పద్ధతిలో అడిగి లెక్క వేస్తే మళ్లీ యూ గీతే వచ్చింది. జన్యువు ప్రకారం విడదీస్తే ఆ గుంట మాయమైంది. తాగడం పెరిగినకొద్దీ రక్తపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతూనే పోయాయి. గుండెపోటు విషయంలో మేలు కనపడలేదు. మరి ఆ జన్యువే వేరే ఏదో చేస్తోందా అంటే, అదే జన్యువు ఉన్న ఆడవాళ్లలో ఈ తేడా రాలేదు. అక్కడ ఆడవాళ్లు దాదాపుగా తాగరు. అంటే పని చేసింది మద్యమే.

గుండె మేలు ఇలా బలహీనపడుతుండగా రెండో పక్క క్యాన్సర్ లెక్క బరువెక్కింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1988లోనే మద్యాన్ని మనుషులలో క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వరుసలో పెట్టింది. అప్పుడు నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం గురించి చెప్పారు. 2007లో నిపుణులు మళ్లీ కూర్చుని రొమ్ము క్యాన్సర్, పెద్దపేగు క్యాన్సర్లను చేర్చారు. రొమ్ము క్యాన్సర్ చేరడం పెద్ద మార్పు. అది చాలా మందికి వచ్చే జబ్బు, పైగా రోజుకు ఒక గ్లాసు దగ్గరే ముప్పు కొంచెం పెరగడం కనపడుతుంది. కాలేయం చెడడానికి ఏళ్ల తరబడి ఎక్కువ తాగాలి కాబట్టి అక్కడ హద్దు గీయడం సులువు. క్యాన్సర్ విషయంలో ఇక్కడి వరకు ఏమీ లేదు, ఇక్కడి నుంచి ఉంది అని చెప్పగల మెట్టు దొరకలేదు. అందుకే 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ "పూర్తిగా భద్రమైన పరిమాణం లేదు" అంది.

ఇక్కడే ఒక కొత్త ప్రశ్న వచ్చింది. మెట్టు లేనిచోట గీత ఎక్కడ గీయాలి? దీనికి ఒళ్లు జవాబు చెప్పదు. మనుషులే తేల్చుకోవాలి. 2016లో బ్రిటన్ ఇలా తేల్చింది. ఒక మనిషి జీవితమంతా ఇంత చొప్పున తాగితే, మద్యం వల్ల చనిపోయే అవకాశం నూటికి ఒకటి దగ్గరకు వచ్చే చోట గీత గీద్దాం. షెఫీల్డ్ విశ్వవిద్యాలయంవాళ్లు జబ్బులన్నీ, ప్రమాదాలన్నీ కలిపి లెక్క వేశారు. వారానికి 14 యూనిట్లు వచ్చింది. మగవాళ్లకూ అంతే, ఆడవాళ్లకూ అంతే. ఆడవాళ్లకు దీర్ఘకాలపు జబ్బుల ముప్పు ఎక్కువ. మగవాళ్లు తాగి కిందపడడం, బండి గుద్దడం, కొట్లాట పెట్టుకోవడం ఎక్కువ. ఈ తక్కువ మోతాదులో రెండూ కలిపి చూస్తే ఇద్దరూ దాదాపు ఒకచోటికి వచ్చారు.

ఇప్పుడు మన కొలబద్ద తీయండి. బ్రిటన్ 14 యూనిట్లు అంటే వారానికి 112 గ్రాములు. ఆస్ట్రేలియా 2020లో అదే నూటికి ఒకటి పద్ధతి పట్టుకుని వారానికి 10 డ్రింకులు అంది, అంటే 100 గ్రాములు. కెనడావాళ్ల 2023 నివేదికలో నూటికి ఒకటి ముప్పు ఉన్నచోటు వారానికి 6 డ్రింకులు, అంటే 81 గ్రాములు. పద్నాలుగు, పది, ఆరు అని వింటే ఒకదానికి ఒకటి పొంతన లేనట్టు ఉంటుంది. ఒకే గేజీ మీద పెట్టి, ఒకే ముప్పు దగ్గర చూస్తే 112, 100, 81. మూడు దేశాలు వేరువేరుగా లెక్క వేసి ఇంత దగ్గరకు వచ్చాయి. 2018లో దాదాపు ఆరు లక్షల మంది తాగేవాళ్ల వివరాలతో లాన్సెట్‌లో వచ్చిన ఇంకో పరిశోధనలోనూ వారానికి 100 గ్రాముల దగ్గరి నుంచే ఆయుష్షు తగ్గడం కనపడింది.

మరి కెనడా "రెండు" ఎక్కడిది? వాళ్లు గీత ఒకటి కాక రెండు గీశారు. వెయ్యికి ఒకటి ముప్పు అంటే వారానికి 2 డ్రింకులు, 27 గ్రాములు. నూటికి ఒకటి అంటే 6. మధ్యలో ఉన్నది మధ్యస్థ ముప్పు, 7 నుంచి పైకి పెరుగుతూ పోతుంది. ఎంత ముప్పు ఒప్పుకుంటావో నువ్వే చూసుకో అన్నారు. 2011లో అదే దేశంలో మగవాళ్లకు 15, ఆడవాళ్లకు 10 అని చెప్పేవాళ్లు. ఈ దిగుబాటులో కొంత కొత్త ఆధారం వల్ల, కొంత గీతను వెయ్యికి ఒకటి దగ్గరికి జరపడం వల్ల. పేపర్లు ఈ రెండింటినీ విడదీయకుండా "ఇక రెండే" అని హెడ్డింగు పెట్టాయి.

అమెరికా కథ ఇంకో రకం. అక్కడ 1990 నుంచి చాలా కాలం మగవాళ్లకు రోజుకు 2 డ్రింకులు, ఆడవాళ్లకు 1 అని చెప్పేవాళ్లు. మగవాళ్లకు వారానికి 196 గ్రాములు అయ్యేది. 2020లో నిపుణుల కమిటీ మగవాళ్లకూ ఒకటే చాలని సిఫారసు చేసింది. ప్రభుత్వ శాఖలు ఒప్పుకోలేదు, పాత అంకెనే ఉంచాయి. ఒళ్లు మాత్రం లండన్‌లోనూ, న్యూయార్కులోనూ ఒకటే. కాబట్టి దేశాల మధ్య తేడా మూడు చోట్ల నుంచి వస్తుంది. గ్లాసు కొలత వేరు, ఒప్పుకున్న ముప్పు వేరు, చివరి సంతకం పెట్టేవాళ్లు వేరు.

ఇక మన సంగతి. మన రాజ్యాంగం 47వ అధికరణం మద్యపానాన్ని నిషేధించడానికి ప్రయత్నించమని ప్రభుత్వాలకు చెబుతుంది. ఒక పక్క దుకాణం కూడా ప్రభుత్వానిదే. టాస్మాక్ సీసా మీద మద్యం కీడని తమిళంలో హెచ్చరిక ఉంటుంది, ఎన్ని మిల్లీలీటర్లో, ఎంత శాతమో ఉంటుంది. గ్రాములు మనమే కట్టుకోవాలి. కట్టి చూద్దాం. ఒక అన్న వారానికి రెండు రోజులు, రోజుకు ఒక క్వార్టర్ వేస్తాడనుకోండి. "నేను రోజూ తాగేవాణ్ణి కాదు" అని ఇంట్లో చెబుతాడు, అది నిజమే. కానీ రెండు క్వార్టర్లు అంటే 120 గ్రాములు. బ్రిటన్ హద్దు దాటింది, కెనడా రెండో గీత ఎప్పుడో దాటింది. పైగా ఆస్ట్రేలియావాళ్లు ఏ ఒక్క రోజూ 40 గ్రాములు దాటవద్దంటారు. ఒక్క క్వార్టర్‌తో అది కూడా దాటింది. బ్రిటన్‌వాళ్లు కూడా 14 యూనిట్లు తాగేవాళ్లయితే వాటిని మూడు రోజులకు, అంతకంటే ఎక్కువ రోజులకు పరచుకోమంటారు. బీరు తేలికనే మాట కూడా లెక్కలో నిలవదు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా సుమారు 41 గ్రాములు, నాలుగు చిన్న పెగ్గులు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఈ హద్దులన్నీ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు వేసిన సగటు. కాలేయం జబ్బు ఉన్నవాళ్లకు, మద్యంతో పడని మందులు వాడేవాళ్లకు, గర్భిణులకు ఇవి వర్తించవు. రెండోది, బండి నడిపే హద్దు వేరు. మన చట్టంలో నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటకూడదు. వారం హద్దు లోపల ఉన్నానని తాళంచెవి తీస్తే పోలీసు ఒప్పుకోడు, ఎదురుగా వచ్చే లారీ అసలే ఒప్పుకోదు.

రోజూ తాగే అలవాటు ఉన్నవాళ్లు ఈ వ్యాసం చదివి రేపే ఒక్కసారిగా మానేయవద్దు. ఎక్కువ కాలం ఎక్కువగా తాగినవాళ్లు హఠాత్తుగా మానితే వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. ప్రాణానికే ప్రమాదం. డాక్టరును చూసి ఆయన చెప్పినట్టు మానాలి.

పూటకో మాట అన్న తమ్ముడికి నా జవాబు ఇది. 1979లో అడిగిన ప్రశ్న వేరు, 2016లో అడిగిన ప్రశ్న వేరు. మధ్యలో తాగనివాళ్ల లెక్కలోని తప్పు బయటపడింది, క్యాన్సర్ జాబితా పెరిగింది, ఎంత ముప్పు ఒప్పుకుంటామో బయటికి చెప్పే అలవాటు వచ్చింది. రేపు మీకు ఇంకో కొత్త అంకె వస్తే దాన్ని మూడు ప్రశ్నలు అడగండి. ఒక డ్రింకు అంటే ఎన్ని గ్రాములు? వారానికా, రోజుకా? ఎంత ముప్పు దగ్గర ఈ గీత గీశారు? ఈ మూడింటికీ జవాబు లేని ఫార్వర్డు, పాతదైనా కొత్తదైనా, మన గ్రూపులో పెట్టనక్కరలేదు.